బతికినన్నాళ్లూ వచ్చే డబ్బుకు ఇవాళ్టి ధర

అమరావతి రాజధాని గ్రామాల్లో 2015 నుంచి ఒక మాట బాగా నలిగింది: కౌలు. భూసమీకరణలో పొలం ఇచ్చిన రైతుకు, ఆ పొలం మీద పోయిన రాబడికి బదులుగా ప్రభుత్వం ఏటా ఇస్తానన్న డబ్బది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు యాన్యుటీ. మెట్ట పొలానికైతే ఎకరాకు మొదటి ఏడు 30,000 రూపాయలు, ఆ తర్వాత ఏటా 3,000 చొప్పున పెంపు. కృష్ణ ఒడ్డున జరీబు భూమికైతే 50,000తో మొదలై ఏటా 5,000 పెంపు. మొదట రాసుకున్న ఒప్పందం ప్రకారం రెండూ పదేళ్లపాటు.

అవే గ్రామాల్లో ఇంకో డబ్బు కూడా నడుస్తోంది. 2024 జూలై 1న ముఖ్యమంత్రి పెనుమాకలో ఇంటికి వెళ్లి పెంచిన పింఛను అందించారు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 3,000 నుంచి 4,000 అయింది. పెంపు ఏప్రిల్ నుంచే వర్తించడంతో మూడు నెలల బకాయి కలిపి ఆ రోజు ఒక్కొక్కరికి 7,000 చేతికొచ్చాయి. తుళ్లూరు మొదలుకొని ప్రకాశం జిల్లా మిరప పల్లెల దాకా, ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది గుమ్మం ముందుకు తెచ్చి ఇచ్చే పింఛను ఇదే.

పైకి చూస్తే రెండూ కాలం ప్రకారం చేతికొచ్చే డబ్బే. కానీ లెక్క దగ్గరికొచ్చేసరికి వాటి దారులు వేరు. కౌలు భూమిని బట్టి వచ్చేది. రైతు మధ్యలో కన్నుమూసినా వారసులకు చెందుతుంది, కాబట్టి ఎన్ని వాయిదాలో ముందే తెలుసు. పింఛను మనిషిని బట్టి వచ్చేది. మనిషి ఉన్నన్నాళ్లే వస్తుంది, ఎన్ని వాయిదాలో ఎవరికీ తెలియదు. ఇలా ఆయుష్షుతో ముడిపడిన చెల్లింపుల వరుసను జీవిత యాన్యుటీ అంటారు. వాయిదాల సంఖ్యే తెలియని ఆ వరుసకు ఇవాళ ఒక ధర కట్టవచ్చా? కట్టవచ్చు. మూడు వందల ఏళ్లకు పైగా కడుతూనే ఉన్నారు. ఆ పద్ధతేమిటో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు సులువైనది: కౌలు

ఒక ఎకరం మెట్ట చేను తీసుకుందాం, పత్తి, మిరప పండే నేల. పదేళ్ల కౌలు వాయిదాలు 30,000, 33,000, 36,000... ఇలా పెరుగుతూ పదో ఏట 57,000కు చేరతాయి. అన్నీ కూడితే 4,35,000. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. కానీ తొమ్మిదేళ్ల తర్వాత అందే 57,000కూ, ఇవాళ చేతిలో ఉన్న 57,000కూ విలువ ఒకటి కాదు. ఇవాళ డబ్బుంటే దాన్ని వడ్డీకి వేసుకోవచ్చు.

వడ్డీ ఏడాదికి 7 శాతం అనుకుందాం. ఇవాళ్టి 100 రూపాయలు ఏడాదికి 107 అవుతాయి. తిరగేసి చూస్తే, ఏడాది తర్వాత వచ్చే 107కు ఇవాళ్టి విలువ 100. అంటే ఏడాది తర్వాతి రూపాయికి ఇవాళ దాదాపు 93 పైసలు, పదేళ్ల తర్వాతి రూపాయికి 51 పైసలు. భవిష్యత్తులోని ప్రతి వాయిదానూ ఇలా వడ్డీతో భాగించి ఇవాళ్టికి తీసుకురావడాన్ని డిస్కౌంటింగ్ అంటారు.

మొదటి వాయిదా ఇవాళే చేతికొచ్చిందనుకుంటే దాని విలువ 30,000. రెండో ఏటి 33,000కు ఇవాళ్టి విలువ 30,841. ఆరో ఏటి 45,000కు 32,084. చివరి 57,000కు 31,004. గమనించారా? పైకి దాదాపు రెట్టింపైన వాయిదాలు ఇవాళ్టి విలువలో 30 వేలకూ 32 వేలకూ మధ్యే తిరుగుతున్నాయి. ఏటా వచ్చే పెంపు దాదాపు మొత్తం వడ్డీని పూడ్చడానికే పోయింది. పదీ కూడితే 3,14,400. ఆ కౌలు వరుసకు, మొదటి వాయిదా అందే రోజున, 7 శాతం వడ్డీ లెక్కలో ధర ఇది. వాయిదా ఒక ఏడాది ఆలస్యమైతే ఆ వాయిదా విలువలో వందకు ఆరున్నర రూపాయలు రైతుకు పోయినట్టే, రాసిన అంకె మారకపోయినా.

ఇప్పుడు పింఛను

మిరప కోతలకు వెళ్లే ఒక 65 ఏళ్ల కూలీ మహిళను ఊహించుకుందాం. నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. లెక్క తేటగా ఉండటానికి ఏడాది డబ్బంతా ఏడాది మొదట్లోనే ఒకేసారి ఇస్తారనుకుందాం. నెలనెలా ఇస్తే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

ఆమె ఎన్నాళ్లు బతుకుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ అదే వయసువాళ్లు వెయ్యిమంది ఉంటే, వాళ్లలో ఏటా ఎంతమంది మిగులుతారో చాలావరకు చెప్పవచ్చు. ఆ సంఖ్యలన్నీ ఒకచోట పేర్చినదే జీవిత పట్టిక. మన దేశంలో జనాభాకంతటికీ నమూనా నమోదు వ్యవస్థ నుంచి ఇలాంటి పట్టికలు వస్తాయి. యాన్యుటీ కొనుక్కున్నవారికి యాక్చువరీల సంస్థ తయారుచేసిన వేరే పట్టిక ఉంది. ఇక్కడ పద్ధతి కనబడటమే ముఖ్యం కాబట్టి, ఉదాహరణ కోసం నేనే ఒక పట్టిక కట్టాను. 65వ ఏట మరణించే అవకాశం వందకు రెండు అనీ, అది ఏటా 9 శాతం చొప్పున పెరుగుతుందనీ తీసుకున్నాను. నడివయసు దాటాక మరణ ప్రమాదం ఏటా దాదాపు ఒకే నిష్పత్తిలో పెరగడం చాలా దేశాల లెక్కల్లో కనిపించే తీరే. అధికారిక పట్టిక దొరికినప్పుడు అంకెలు మార్చుకోవచ్చు, దారి మారదు.

ప్రతి వాయిదానూ రెండుసార్లు తగ్గించాలి. ఒకసారి కాలం కోసం, అంటే వడ్డీ కోసం. రెండోసారి ప్రాణం కోసం: ఆ రోజుకు ఆమె బతికి ఉండే సంభావ్యతతో గుణించాలి. ఐదేళ్లకొక వాయిదాను చూద్దాం.

| వయసు | వెయ్యిమందిలో ఉన్నవారు | ఆనాటి రూపాయికి ఇవాళ్టి విలువ | 48,000 వాయిదాకు ఇవాళ్టి విలువ |
|---|---|---|---|
| 65 | 1000 | 1.000 | 48,000 |
| 70 | 886 | 0.713 | 30,300 |
| 75 | 734 | 0.508 | 17,900 |
| 80 | 548 | 0.362 | 9,500 |
| 85 | 347 | 0.258 | 4,300 |
| 90 | 169 | 0.184 | 1,500 |

75వ ఏటి వరుస ఒక్కటి విడదీసి చూద్దాం. వెయ్యిలో 734 మంది ఉంటారు కాబట్టి ఆమె ఆ వాయిదా తీసుకునే అవకాశం 0.734. పదేళ్ల దూరం వల్ల రూపాయి విలువ 0.508. రెండూ గుణిస్తే 0.373. దాన్ని 48,000తో గుణిస్తే 17,900. ఇలాగే 65 నుంచి పట్టికలో చివరి మనిషి దాకా ప్రతి ఏటికీ లెక్కగట్టి కూడితే, ఏడాదికి ఒక రూపాయి చొప్పున వచ్చే వరుస విలువ 9.49 రూపాయలు అవుతుంది. గణిత భాషలో ఇంతే:

a = Σ vᵏ · pₖ

ఇందులో vᵏ అనేది k ఏళ్ల తర్వాతి రూపాయికి ఇవాళ్టి విలువ, pₖ అనేది k ఏళ్ల తర్వాత ఆమె బతికి ఉండే సంభావ్యత. ఈ 9.49ని యాన్యుటీ గుణకం అందాం. 48,000తో గుణిస్తే 4,55,400. ఆ పింఛను కాగితానికి ఇవాళ్టి ధర ఇది. మెట్ట ఎకరం పదేళ్ల కౌలు కన్నా ఎక్కువ.

నెలనెలా ఇచ్చే పింఛనుకు చిన్న సవరణ చాలు. డబ్బు ఏడాది మొదట్లో ఒక్కసారే కాకుండా పన్నెండు నెలల్లో పరుచుకుని వస్తుంది కాబట్టి సగటున కొంచెం ఆలస్యంగా అందుతుంది. పైగా ఏడాది మధ్యలో మరణిస్తే మిగతా నెలలవి రావు. ఈ రెండింటికీ కలిపి గుణకం నుంచి 24లో 11 వంతులు, అంటే 0.46 తీసేయడం యాక్చువరీలకు అలవాటైన దగ్గరి లెక్క. గుణకం 9.03, ధర సుమారు 4,33,000.

సగటు ఆయుష్షుతో వేసే తప్పు లెక్క

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా ఒక పొరపాటు చేస్తారు. పైన పట్టికలో ఈ వయసు మహిళ సగటున 16.7 వాయిదాలు తీసుకుంటుంది. అలాంటప్పుడు, "16.7 ఏళ్లు తప్పకుండా వస్తుందనుకుని డిస్కౌంట్ చేస్తే సరిపోదా?" అని అడుగుతారు. అలా చేస్తే గుణకం 10.34 వస్తుంది, ధర 4,96,500. సరైన ధర కన్నా 41,000 ఎక్కువ.

ఎందుకు తేడా? ఇద్దరు మహిళలను తీసుకోండి. ఒకరు 5 వాయిదాలు తీసుకుని వెళ్లిపోయారు, మరొకరు 25 వాయిదాలు తీసుకున్నారు. సగటు 15. మొదటామె పింఛను విలువ 2.11 లక్షలు, రెండో ఆమెది 5.99 లక్షలు, రెండింటి సగటు 4.05 లక్షలు. కానీ తప్పకుండా వచ్చే 15 వాయిదాల విలువ 4.68 లక్షలు. చివరి పదేళ్ల వాయిదాలు దూరంలో ఉన్నాయి కాబట్టి ఇవాళ్టి లెక్కలో చిక్కిపోతాయి. త్వరగా పోయినవారి వల్ల తగ్గే వాయిదాలు దగ్గరివి కాబట్టి బరువైనవి. దీర్ఘాయుష్షు కలిపేది తక్కువ, అల్పాయుష్షు తీసేసేది ఎక్కువ. అందుకే ముందు ఆయుష్షుల సగటు తీసి తర్వాత విలువ కట్టకూడదు, ప్రతి ఆయుష్షుకూ విలువ కట్టి ఆ విలువల సగటు తీయాలి. వడ్డీ సున్నా అయితే తప్ప రెండూ కలవవు.

జీవిత యాన్యుటీకి ఇలా ధర కట్టడాన్ని అంకెలతో లోకానికి చూపినవారిలో తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హేలీ ఒకరు. బ్రెస్లావ్ నగరపు జనన మరణాల నమోదుల నుంచి ఆయన 1693లో ఒక జీవిత పట్టిక ప్రచురించాడు. అందులో 60 ఏళ్లవారు 242 మంది ఉంటే 70కి చేరేది 142 మందే. ఆ పట్టికతో, 6 శాతం వడ్డీతో, ఏడాదికి ఒక పౌండు జీవిత యాన్యుటీ 20 ఏళ్ల మనిషికి 12.78 పౌండ్లు, 60 ఏళ్లవారికి 7.60 పౌండ్లు అని తేల్చాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రభుత్వం అప్పు కోసం యాన్యుటీలను వయసు చూడకుండా ఒకే ధరకు అమ్ముతోంది. ఆ ధరకు పిన్న వయసువాళ్లు కొంటే ఖజానాకు నష్టమని హేలీ పట్టిక తేటతెల్లం చేసింది.

ముందుగా వెళ్లినవారి డబ్బు ఎక్కడికి పోతుంది?

మన మహిళ 4,55,400 రూపాయలు బ్యాంకులో 7 శాతానికి వేసుకుని, ఏటా మొదట్లో 48,000 తీసుకుంటే ఎన్నాళ్లొస్తుంది? పద్నాలుగు ఏళ్లు నిండుగా తీసుకుంటుంది, పదిహేనో ఏట కొంత మాత్రమే మిగులుతుంది. 80వ పుట్టినరోజుకు ఖాతా ఖాళీ. కానీ పట్టిక ప్రకారం వెయ్యిలో 548 మంది ఆ రోజుకు బతికే ఉంటారు. అదే ధరకు జీవిత యాన్యుటీ మాత్రం వాళ్లందరికీ చివరిదాకా ఇస్తుంది. మిగతా డబ్బు ఎక్కడిది?

మొదటి ఏడాదినే చూద్దాం. 4,55,400లో 48,000 ఇచ్చేశాక 4,07,400 మిగిలింది. 7 శాతం వడ్డీతో ఏడాది చివర అది 4,35,900. బ్యాంకులో ఒంటరిగా ఉంటే అంతే. కానీ వెయ్యిమంది డబ్బు ఒకే నిధిలో ఉంటే, ఆ ఏడాది మరణించిన 20 మంది వాటా మిగిలిన 980 మందికి పంచబడుతుంది. ఒక్కొక్కరికి 4,44,800 అవుతుంది. ఆ అదనపు 8,900 వడ్డీ కాదు, ఎవరి దయా కాదు. ముందుగా వెళ్లినవారి వాటా. వయసు పెరిగే కొద్దీ మరణాలు పెరుగుతాయి కాబట్టి ఈ వాటా కూడా పెరుగుతుంది. ఒంటరి పొదుపుకు అందని ఆదాయమిది, సమూహంలో ఉంటేనే వస్తుంది.

"నేను పోయాక పెట్టిన డబ్బు పిల్లలకు వెనక్కి రావాలి" అని చాలామంది కొనుగోలు ధర వాపసు వచ్చే రకం యాన్యుటీని ఎంచుకుంటారు. పిల్లల మీద ప్రేమతో తీసుకునే నిర్ణయమది, కానీ దాని ధర తెలిసి తీసుకోవాలి. అసలు వెనక్కి ఇవ్వాలంటే ముందుగా వెళ్లినవారి వాటా ఎవరికీ మిగలదు, వడ్డీ మాత్రమే పంచాలి. అదే 4,55,400 మీద ఏటా మొదట్లో ఇవ్వగలిగేది 29,800 మాత్రమే, 48,000 కాదు.

లెక్క ఎక్కడ బెసుకుతుంది

ఈ ధర మూడు చోట్ల చెడిపోతుంది. మొదటిది వయసు. ఊళ్లలో ఎంతోమంది పెద్దవాళ్ల ఆధార్ కార్డుల మీద పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది, ఏడాది కూడా అంచనాయే. మన పట్టికలో 65 ఏళ్లకు గుణకం 9.49 అయితే 70కి 8.35. కాగితం మీద ఐదేళ్లు తేడా పడితే ధరలో 54,000 దాకా తేడా పడుతుంది. ప్రభుత్వం 60 దాటిన అర్హులైన వృద్ధులందరికీ ఒకే 4,000 ఇస్తుంది కాబట్టి లబ్ధిదారుకు దీనితో పని లేదు. రాబోయే ఏళ్ల ఖర్చును అంచనా వేసే బడ్జెట్ అధికారికీ, యాన్యుటీ అమ్మే బీమా సంస్థకూ మాత్రం ఇది పెద్ద సంగతే.

రెండోది మనిషి ఉన్నారా లేరా అన్న రుజువు. పట్టికలో 0.734 అని రాసుకున్న సంభావ్యత, ఆ నెల ఒకటో తారీఖు వచ్చేసరికి ఒకటో సున్నానో అయిపోతుంది. సచివాలయ ఉద్యోగి గుమ్మం దగ్గర వేలిముద్ర తీసుకోవడం, బీమా సంస్థ ఏటా జీవన ధ్రువపత్రం అడగడం, రెండూ ఈ ఒకటీ సున్నాల లెక్క తేల్చడానికే. ఆ తనిఖీ సడలిన చోట మరణం నమోదు కాదు, చెల్లింపు ఆగదు, అసలు ఖర్చు పట్టిక చెప్పిన దానికన్నా పైకి పోతుంది. నిజంగా చెల్లించినవారి సంఖ్య ఏటేటా పట్టిక సంఖ్య కన్నా ఎక్కువగా ఉంటే రెండే కారణాలు: పట్టిక పాతదైనా అయి ఉండాలి, తనిఖీ వదులైనా అయి ఉండాలి. పట్టిక పాతదైతే తేడా మెల్లగా, అన్ని ఊళ్లలోనూ పెరుగుతుంది. తనిఖీ లోపమైతే కొన్నిచోట్లే గుట్టగా పడుతుంది.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, ధరల పెరుగుదల. 2014 అక్టోబరులో 1,000 అయిన పింఛను 2024లో 4,000 అయింది. కానీ ఆ పెంపు ఏ ఒప్పందంలోనూ లేదు, ప్రభుత్వాలు నిర్ణయించినప్పుడు వచ్చింది. కాబట్టి 4,55,400 అనే ధరలో రేపటి పెంపు లేదు. ఏటా 5 శాతం పెరిగే పింఛను అని హామీ ఉంటే గుణకం 9.49 నుంచి దాదాపు 14కు పోతుంది, ధర 6,69,000 దాకా చేరుతుంది. పెరగని జీవిత యాన్యుటీ కొన్నవారు ఈ రెండు ధరల మధ్య తేడాను తమ చివరి ఏళ్లలో, మందులు ఎక్కువగా కొనే ఏళ్లలో, భరిస్తారు.

పాఠకులకు నా మాట ఒకటే. మీకో, మీ అమ్మానాన్నలకో ఎవరైనా జీవితకాల పింఛను అమ్మజూపితే, కట్టమన్న మొత్తాన్ని ఏడాది పింఛనుతో భాగించండి. 65 ఏళ్ల మహిళకు నెలనెలా వచ్చే పెరగని పింఛనైతే, మన పట్టిక ప్రకారం, 7 శాతం వడ్డీకి, 9 దగ్గర రావాలి. 11, 12 వస్తే తేడా ఎక్కడుందో అడగండి: తక్కువ వడ్డీ తీసుకున్నారా, ఎక్కువకాలం బతికేవారి పట్టిక వాడారా, ఖర్చులూ కమిషన్లూ కలిపారా, అసలు వాపసు పేరుతో ఇంకేదైనా అమ్ముతున్నారా. యాన్యుటీ కొనేవారు సాధారణ జనాభా కన్నా ఎక్కువకాలం బతుకుతారన్నది నిజమే, కాబట్టి కొంత తేడా న్యాయమే. ఎంత న్యాయమో సమాధానం రాబట్టాకే సంతకం పెట్టండి.